పడమటి గోడ: సున్నపు పూతకు అతుకు వేసిన డైరీ

కావలి దగ్గర పల్లెలో మా తాతగారి ఇల్లు ఉంది. దాని వసారా వెనక గోడ పడమటికి చూస్తుంది. ఇటుక మీద సున్నపు పూత, దాని మీద రంగు కలిపిన వెల్ల. 2015 నవంబరు వానల తర్వాత ఒకచోట పూత ఊడిపోతే అప్పట్లో సిమెంటు పెట్టి పూడ్చారు. ఆ అతుకు ఇప్పుడు చుట్టూ ఉన్న పాత పూతను కూడా లాగేస్తోంది. దాన్ని తీసి సున్నంతోనే మళ్లీ పూడ్చాలి, పూడ్చినట్టు కనిపించకూడదు. గోడ మొత్తం గీకి కొత్తరంగు వేస్తే పని వారంలో అయిపోయేది. కానీ ఎండకు వెలిసిన ఆ రంగు, పాత మేస్త్రీ చెక్క తిప్పిన గీతలు ఉంచుకోవాలనే ఈ పనికి పూనుకున్నాను.

పనికి మూడు నెలల ముందే, అక్టోబరులో, 10 కిలోల రాతి సున్నం ఇనప డ్రమ్ములో తడిపి పెట్టాను. నీళ్లలో సున్నం వేయాలి గానీ సున్నం మీద నీళ్లు పోయకూడదు. బుసబుసమని ఉడికి చిమ్ముతుంది, కళ్లద్దాలు లేకుండా దగ్గరికి పోవద్దు. ప్లాస్టిక్ డ్రమ్ము ఆ వేడికి మెత్తబడుతుంది. చల్లారాక సన్న జల్లెడలో వడగట్టి, పైన బెత్తెడు నీళ్లు నిలిపి మూతపెట్టాను. వెన్నలాంటి ముద్ద 24 లీటర్లు తేలింది. వడగట్టడం మానేస్తే ఉడకని పలుకులు పూతలోకి చేరి, నెలల తర్వాత ఉబ్బి గోడ మీద చిన్నచిన్న గుంటలు చేస్తాయి.

సున్నం రూ. 250, జల్లెడ రూ. 120. ఇప్పటిదాకా ఖర్చు: రూ. 370.

స్టేజీ 1: గోడ మీద ఏముందో చూడటం (రోజు 1–4)

గోడ 14 అడుగుల పొడవు, 9 అడుగుల ఎత్తు. తలుపు తీసేస్తే చదరం 106 అడుగులు. నాలుగు రోజులూ తాపీ ముట్టలేదు.

1. వేలి కణుపుతో అడుగు అడుగునా తట్టాను. గట్టిగా ఉన్నచోట చప్పుడు పొడిగా వస్తుంది, ఇటుకను వదిలేసినచోట కుండలా మోగుతుంది. మోగినచోటల్లా సుద్దతో చుట్టాను. సిమెంటు అతుకు 6 చదరపు అడుగులు, దాని చుట్టూ మోగేది ఇంకో 4.
2. నీటిబొట్టు వేశాను. వెల్ల ఉన్నచోట మూడు నాలుగు సెకన్లలో ఇంకింది. సిమెంటు మీద జారింది. ప్లాస్టిక్ రంగు వేసిన గోడ మీద కూడా బొట్టు ఇలాగే జారుతుంది, అలాంటిచోట వెల్ల పట్టదు. మా గోడకు ఆ బెడద లేదు.
3. అరచేత్తో రుద్దాను. ఎండ పడేచోట చేతికి పొడి అంటింది, చూరు కింద అంటలేదు.

ఇక పగుళ్లు. వెంట్రుక పగులు అని అందరం అంటాం గానీ వెంట్రుక ఎంత లావో ఎవరూ చెప్పరు. కొలవడానికి నాకు తోచింది జెరాక్సు కాగితం. నూరు కాగితాలు దొంతర పెట్టి కొలిస్తే 10 మిల్లీమీటర్లు వచ్చింది, అంటే ఒక్కోటి 0.1. పగుల్లోకి ఒక కాగితం అంచు కూడా దూరకపోతే 'సున్నా', ఒకటి దూరితే 'ఒకటి', రెండు కలిపి దూరితే 'రెండు'. పగులు వెంట దారం పరిచి పొడవు కొలిచి, పగుళ్లన్నిటినీ పటంగా గీసుకున్నాను. మొత్తం 38 అడుగులు. అందులో 'సున్నా' 26 అడుగులు, 'ఒకటి, రెండు' 9 అడుగులు. మిగిలిన 3 అడుగులు తలుపు పైమూల నుంచి ఏటవాలుగా పోయే ఒకే పగులు, దాంట్లోకి మూడు కాగితాలు దూరాయి.

ఆ ఏటవాలు పగులును ఈ నాలుగు రోజులూ రోజుకు రెండుసార్లు చూశాను. పొద్దున ఆరింటికి మూడు కాగితాలు పట్టేవి, మధ్యాహ్నం మూడింటికి రెండే. ఎండకు గోడ సాగి పగులు మూసుకుంటోంది, రాత్రి చల్లబడి తెరుచుకుంటోంది. అంటే ఇది కదిలే పగులు. గట్టి పదార్థం ఏది పెట్టి బిగించినా దాని పక్కనే ఇంకోటి పడుతుంది. దీని జోలికి పోకూడదని అప్పుడే రాసుకున్నాను. వలలా పరుచుకున్న మిగతా పగుళ్లు మాత్రం ఉదయం సాయంత్రం ఒకేలా ఉన్నాయి. అవి పూత వేసిన కొత్తల్లో ఎండిపోయి ముడుచుకున్న పగుళ్లు, ఇన్నేళ్లూ అట్లాగే ఉన్నాయి.

రాత్రిపూట టార్చి లైటును గోడకు ఆనించి పక్కనుంచి వెలుగు వేస్తే పగలు కనపడనివన్నీ కనిపించాయి. చెక్కతో రుద్దిన గీతలు విల్లులా వంగి, ఎడమ కింద మొదలై కుడి పైకి లేస్తున్నాయి. గీతకూ గీతకూ మధ్య సుమారు 4 మిల్లీమీటర్లు. ఒక్కో వంపు రెండడుగుల దాకా ఉంది, అంటే భుజం నుంచి చెయ్యి సాగినంత. వాటిని ఫోటోలు తీసి పెట్టుకున్నాను. తర్వాత ఈ ఫోటోలే నాకు దారి చూపాయి.

ఖర్చు అంతే: రూ. 370.

స్టేజీ 2: సిమెంటు తీయడం (రోజు 5–13)

మా ఊళ్లో డెబ్భై దాటిన తాపీ మేస్త్రీ ఒకాయన ఉన్నారు. చిన్నప్పుడు డంగు సున్నం పని చేసినవారు. ఆయన్ని బతిమాలి తెచ్చుకున్నాను. వచ్చీరాగానే గోడ చూసి, "ఇది ఊరికే కొట్టబాకబ్బయా, చుట్టూ ఉండేదంతా రాలిపోతాది. ముందు రంపం పెట్టు" అన్నారు.

1. సిమెంటు అతుకు అంచు వెంట హాక్సా బ్లేడుతో పూత లోతుదాకా కోశాం. అదిరినా అదురు పాతపూతలోకి పోకుండా ఈ కోత ఆపుతుంది.
2. సన్న ఉలిని బాగా వాల్చి, అతుకు మధ్యనుంచి బయటికి చెక్కాం. నిటారుగా కొడితే ఇటుక పగులుతుంది.
3. మోగే పాతపూతను చేత్తోనే ఊడదీశాం. ఆ పెచ్చుల మీది రంగుపొరను గీకి డబ్బాలో దాచాను. పారేయకండి, స్టేజీ 6లో అక్కరకొస్తుంది.

సిమెంటు కింద ఇటుక తడిగా ఉంది. బయట ఎండ మాడుస్తున్నా తడే. ఇటుక ముఖం వేలితో గీకితే పొడైంది. సున్నపు గోడ లోపలి తడిని మెల్లగా బయటికి వదులుతుంది. మధ్యలో సిమెంటు మూతపెడితే ఆ తడి పక్కలకు తిరిగి, అక్కడి సున్నాన్ని తినేస్తుంది. అతుకు చుట్టూ పూత మోగడానికి కారణం అదే. తడితో పాటు ఉప్పూ వస్తుంది. అంచుల వెంట తెల్లగా చౌడు పేలి ఉంది, పొడి కుంచెతో ఊడ్చి చేటలోకి ఎత్తాను. నీళ్లతో కడిగితే అది మళ్లీ లోపలికే పోతుంది.

ఎనిమిది రోజులు గోడను ఆరనిచ్చాను.

ఉలి రూ. 180, మేస్త్రీ ఒకరోజు కూలి రూ. 1,000. ఖర్చు: రూ. 1,550. తీసిన చదరం: 10 అడుగులు.

స్టేజీ 3: మొదటి పూత, మొత్తం పాడైంది (రోజు 14–24)

ఇక్కడ మేస్త్రీ తప్పు ఏమీ లేదు. తొందరపెట్టింది నేను.

ఇసుక ఇంటిదగ్గర కుప్పలో ఉన్న సన్నదే వాడాను, పని తెమిలిపోతుందని. సున్నపు ముద్ద 10 లీటర్లు, ఇసుక 20 లీటర్లు. 20 మిల్లీమీటర్ల మందం ఒక్కసారే ఎక్కించాం. అంచులు చతురస్రంగా, మట్టం కర్ర పెట్టి తిన్నగా కోశాం. పైన ఇనప తాపీతో అద్దంలా నున్నగా లాగించాను. సాయంత్రం చూసుకుంటే కంటికి బ్రహ్మాండంగా ఉంది.

మర్నాడు మధ్యాహ్నం ఎండ నేరుగా పడింది. ముప్పై గంటల్లో గోడ నిండా వల. ఒక్కో గడి రెండు మూడు అంగుళాలు, పగుళ్లలోకి కాగితాలు రెండు, కొన్నిచోట్ల నాలుగు పట్టాయి. అంచుల వెంట అతుకు పాతపూతను వదిలేసి, పటానికి చట్రం కట్టినట్టు నల్లగీత తేలింది. తట్టి చూస్తే మూడోవంతు మోగింది.

మేస్త్రీ గారు ఒక ముక్క తీసి వేళ్ల మధ్య నలిపారు. "ఇసకెక్కడిదబ్బయా ఇది? పిండి మాదిరుండాది" అన్నారు. అంతకుమించి ఒక్కమాట అనలేదు.

ఆ రాత్రి చేయాల్సిన పరీక్ష చేశాను. ఎవరైనా పని మొదలుపెట్టే ముందే చేయాల్సింది ఇది.

1. పొడి ఇసుక సరిగ్గా ఒక లీటరు కొలిచి గిన్నెలో పోయండి.
2. కొలపాత్రతో నీళ్లు మెల్లగా పోస్తూ, ఇసుక పైకి నీరు తేలిన క్షణంలో ఆపండి.
3. ఎన్ని నీళ్లు పట్టాయో అన్ని ఖాళీలు ఇసుకలో ఉన్నట్టు. ఆ ఖాళీలు నిండేంత సున్నం కావాలి.

మా సన్న ఇసుకకు 420 మిల్లీలీటర్లు పట్టాయి. గింజలన్నీ ఒకే సైజు కావడంతో మధ్య ఖాళీలు ఎక్కువ. పెన్నా నుంచి తెచ్చిన, పెద్దా చిన్నా గింజలు కలిసిన ఇసుకకు 330 పట్టాయి. లీటరులో మూడోవంతు, అంటే సున్నం ఒకటికి ఇసుక మూడు. పాతవాళ్లు చెప్పే ఈ పాళ్లు ఊరికే వచ్చినవి కాదని అప్పుడు అర్థమైంది. ఎండేటప్పుడు ముడుచుకునేది సున్నమే. సన్న ఇసుకకు ఎక్కువ సున్నం కావాలి, ఎక్కువ సున్నం ఉంటే ఎక్కువ ముడుచుకుంటుంది. ఇసుక గింజలు ఒకదానికొకటి ఆనుకుని ఉంటే అంత ముడుచుకునే వీలుండదు. సముద్రం వైపునుంచి వచ్చే ఇసుక మాత్రం ఎంత మంచి గింజైనా వద్దు, ఉప్పు మళ్లీ గోడకే వస్తుంది.

పూత మొత్తం తీసేశాను. ఇసుక రూ. 160, కూలి రూ. 1,000. ఖర్చు: రూ. 2,710. నిలిచిన పూత: సున్నా.

స్టేజీ 4: రెండో పూత (రోజు 25–52)

మార్చినవి నాలుగు: ఇసుక, పొరల సంఖ్య, అంచులు, ఎండ.

అంచుల సంగతి కాస్త వివరంగా చెప్పాలి. తిన్నటి గీత గోడ మీద ఎక్కడా సహజంగా ఉండదు, కాబట్టి కన్ను నేరుగా అక్కడికే పోతుంది. స్టేజీ 1లో గీసిన పగుళ్ల పటం ముందు పెట్టుకుని, కోసిన చతురస్రాన్ని దగ్గరలో ఉన్న పాతపగులు దాకా పెంచుకుంటూ పోయాను. అతుకు అంచు ఇప్పుడు వంకరటింకరగా, ఆ వెంట్రుక పగుళ్ల మీదుగానే నడుస్తుంది. రేపు అంచు దగ్గర సన్నగీత తేలినా అది పాతపగుల్లానే ఉంటుంది. దీనికి ఇంకో 2 చదరపు అడుగుల మంచిపూత పోయింది. చదరం 12 అయింది.

12 చదరపు అడుగులకు 20 మిల్లీమీటర్ల మందం అంటే సుమారు 22 లీటర్లు. ఇసుక 24 లీటర్లు, సున్నం 8 లీటర్లు కలిపాం. సున్నం ఇసుక ఖాళీల్లోకే పోతుంది, అందుకే మొత్తం 32 లీటర్లు తేలదు, ఇసుక కొలతకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. నీళ్లు ఒక్క చుక్క కూడా అదనంగా పోయలేదు. మొదట పొడిపొడిగా ఉన్నదే గంటసేపు పారతో దంచి తిరగేస్తే జిగట వచ్చింది. "నీళ్లు పోసేది కాదు, దంచేది" అన్నారు మేస్త్రీ గారు.

1. ముందురోజు రాత్రీ, పని ముందూ ఇటుకను తడిపాం. తడి మెరుపు ఇంకాక పని మొదలు.
2. మొదటిపొర 12 మిల్లీమీటర్లు. విసిరి కొట్టి, మట్టం చేసి, ఈనెల చీపురు కట్టతో గీతలు గీశాం.
3. తడిపిన గోనెపట్టాలు చూరునుంచి గోడకు బెత్తెడు దూరంలో తెరలా వేలాడదీశాం. మధ్యాహ్నం రెండుసార్లు తెరనే తడిపాం, గోడను కాదు.
4. రెండోరోజు రెండు సన్నపగుళ్లు కనిపించాయి. పూత ఇంకా పచ్చిగా ఉంది కాబట్టి చెక్కతో గట్టిగా అదిమితే మూసుకున్నాయి.
5. పన్నెండు రోజుల తర్వాత రెండోపొర 8 మిల్లీమీటర్లు.

ఇనప తాపీని ఈసారి రెండోపొర పరచడానికే వాడాం. నున్నగా లాగించినప్పుడు సున్నపు పాలు పైకి తేలి గాజుపొరలా కడతాయి. అది ముందు పగులుతుంది, వెల్లనూ పట్టనివ్వదు. ఇప్పుడు పైన రుద్దింది చెక్కతోనే.

ఆ చెక్కతోనే ఒక చిక్కు వచ్చింది. మేస్త్రీ గారు మూలలో ఒక చదరపు అడుగు రుద్దారు. రాత్రి టార్చి పెడితే గీతలు కుడి కింద మొదలై ఎడమ పైకి పోతున్నాయి. ఫోటోలకు సరిగ్గా అద్దంలో బొమ్మ. మర్నాడు ఆయనకు చూపించాను. చాలాసేపు చూసి, "ముందు కట్టినాయన కుడిచెయ్యి వాటం. నాది ఎడంచెయ్యి. నా గీత అట్టా తిరగదబ్బయా. చెక్క నువ్వే పట్టు, నేను పక్కన నిలబడి చెప్తా" అన్నారు.

నేను పట్టాను. అదను ఆయన చెప్పారు. వేలి కణుపు నొక్కితే దిగకూడదు, గోరు గీస్తే గీత పడాలి. అంతకు ముందు రుద్దితే చెక్క పూతను లాక్కొస్తుంది, ఆలస్యమైతే ఇసుక రాలుతుంది తప్ప గీత పడదు. ఆ రోజు తెర ఉన్నా ఆ అదను నలభై నిమిషాలే ఉంది. భుజం కదలాలి, మణికట్టు కాదు. మణికట్టు తిప్పితే వంపు అడుగులోపే ముగిసిపోతుంది. చెక్క అంచు పాతదై ఇసుకకు కాస్త అరిగినది కావాలి, కొత్త చెక్కకు గీతలు మరీ సన్నగా పడ్డాయి. కొలిస్తే 4కు బదులు 2 మిల్లీమీటర్లు వచ్చాయి. మేస్త్రీ గారి పాత చెక్కతో 3 నుంచి 4 వచ్చాయి.

పదిరోజులు తెర అట్లాగే ఉంచాం. సున్నం గట్టిపడేది ఎండకు కాదు, గాలిలోని బొగ్గుపులుసు వాయువును మెల్లగా పీల్చుకుని. అది పీల్చుకోవాలంటే పూతలో కాస్త తడి ఉండాలి. ఎంతవరకు గట్టిపడిందో తెలుసుకోవడానికి ఇంట్లోనే పరీక్ష ఉంది. అదే ముద్దతో 20 మిల్లీమీటర్ల మందం బిళ్లలు కొన్ని చేసి గోడ పక్కనే పెట్టాను. ఒకటి విరిచి పసుపునీళ్లు రాస్తే, ఇంకా పచ్చిగా ఉన్న సున్నం పారాణిలా ఎర్రబడుతుంది, మారిపోయిన భాగం పసుపుగానే ఉంటుంది. 20 రోజుల బిళ్లలో అంచున 2 మిల్లీమీటర్లు పసుపు, లోపలంతా ఎరుపు. దాన్ని చూశాక అమ్మ కూడా "ఇంకొన్నాళ్లు ఆగరా" అంది.

ఇసుక రూ. 200, గోనెలు రూ. 100, కూలి రెండు రోజులు రూ. 2,000. ఖర్చు: రూ. 5,010. నిలిచిన పూత: 12 చదరపు అడుగులు. పగుళ్లు: ఒకటే, అంచు వెంట 7 అంగుళాలు, 'సున్నా'.

స్టేజీ 5: పాత పగుళ్లు (రోజు 53–57)

'సున్నా' పగుళ్లు 26 అడుగులకూ ఏమీ చేయలేదు. పలచటి వెల్ల రెండు మూడు పొరలకు వాటంతటవే నిండుతాయి, నిండకపోయినా నష్టం లేదు. పగులును ఉలితో వెడల్పు చేసి పూడ్చడం నేను పక్కగోడ మీద ఒక అడుగు మేర చేసి చూశాను. అర మిల్లీమీటరు కూడా లేని గీత పెన్సిలంత మచ్చగా మిగిలింది.

'ఒకటి, రెండు' పగుళ్లు 9 అడుగులకు మాత్రం:

1. సిరంజితో పగులు పైనుంచి నీళ్లు ఎక్కించాను, దుమ్ము కిందికి కారిపోయేదాకా.
2. సున్నపు ముద్ద ఒకపాలు, పాలరాతి పిండి ఒకపాలు, పలుచని మజ్జిగలా కలిపి పంచెగుడ్డలో రెండుసార్లు వడగట్టాను.
3. పశువుల మందుకు వాడే లావు సూదితో కిందనుంచి పైకి ఎక్కించాను. పైనుంచి పోస్తే గాలి లోపల ఇరుక్కుంటుంది.
4. బయటికి వచ్చింది వెంటనే తడి స్పాంజితో తుడిచాను. ఆలస్యం చేసినచోట పగులు పక్కన తెల్లచార ఉండిపోయింది.

తలుపు మూల పగులును వదిలేశాను.

సిరంజిలు రూ. 60, పిండి రూ. 80. ఖర్చు: రూ. 5,150.

స్టేజీ 6: రంగు (రోజు 58–68)

గోడమీద చాలా ఏళ్లుగా ఒక చెక్కబోర్డు వేలాడేది. దాన్ని తీస్తే వెనక చతురస్రం పచ్చిమామిడి రంగులో ఉంది. మిగతా గోడంతా ఎండుగడ్డి రంగు. ఇంట్లో అందరూ గోడ మొదటినుంచీ పసుపే అనుకున్నాం. చూరు కింద చూస్తే నడిమి రంగు, అక్కణ్నుంచి కిందికి వచ్చేకొద్దీ ఆకుపచ్చ తగ్గి పసుపు మిగులుతుంది. అప్పట్లో ఆకుపచ్చను పసుపుమట్టి రంగులో ఏదో నీలం కలిపి చేసి ఉంటారు. మట్టి రంగులు, ఆక్సైడ్లు ఎండకూ సున్నపు ఘాటుకూ చెక్కుచెదరవు. ఆ నీలం మాత్రం తట్టుకోలేదు. వెలవడమంటే రంగంతా పలచబడటం అనుకునేవాణ్ని. ఇక్కడ ఒక రంగు చచ్చిపోయి రెండోది మిగిలింది.

కాబట్టి పాత ఆకుపచ్చకు తెల్ల కలిపితే ఈ గోడ రంగు రాదు. మిగిలిన పసుపునే కలపాలి.

మొదటి తప్పు: నమూనాలు మార్కాపురం పలక ముక్కమీద వేశాను, ఇంట్లో ఉంది కదా అని. పలక నీటిని పీల్చదు. వెల్ల పైన నిలిచి, ఆరాక ముదురుగా కనిపించింది. అదే వెల్ల గోడ మూలన వేస్తే చాలా లేతగా తేలింది. మూడురోజులు వృథా. తర్వాత స్టేజీ 4లో చేసిన బిళ్లల మీదే వేశాను.

వెల్ల లీటరుకు సున్నపు ముద్ద పావు లీటరు, మిగతా నీళ్లు. అందులో పొడిసున్నం సుమారు 160 గ్రాములు ఉంటుందని లెక్క. రంగు అందులో పదోవంతు దాటితే గోడకు పట్టకుండా చేతికి అంటుతుంది, అంటే 16 గ్రాములు హద్దు. చిన్న కాటామీద తూచి వేసిన నమూనాలు ఇవీ, లీటరుకు:

ఎల్లో ఆక్సైడ్ 8 గ్రాములు: మరీ గాఢం.
ఎల్లో 4 గ్రాములు: నిమ్మపండులా శుభ్రంగా ఉంది, గోడలో ఉన్న మాపుదనం లేదు.
ఎల్లో 5, రెడ్ ఆక్సైడ్ అర గ్రాము: గులాబీ ఛాయ వచ్చింది.
ఎల్లో 5, దాచిన పాతరంగు పెచ్చులు నూరి జల్లించిన పొడి 40 గ్రాములు: కుదిరింది.

ఎన్నేళ్ల దుమ్మో ఆ పెచ్చుల్లోనే ఉంది, కొని తెచ్చిన ఏ రంగుతోనూ ఆ మాపు రాలేదు. చూరు కింది పట్టీకి ఇదే వెల్లలో గ్రీన్ ఆక్సైడ్ అర గ్రాము చేర్చాను.

చూసే పద్ధతి కూడా ముఖ్యం. తడి వెల్ల ముదురుగా, పారదర్శకంగా ఉంటుంది, మూడోరోజుకు గానీ అసలు రంగు తేలదు. తెల్ల అట్టకు రూపాయి బిళ్లంత రంధ్రాలు రెండు పక్కపక్కన చేసి, ఒక రంధ్రంలో గోడ, ఒకదానిలో నమూనా వచ్చేలా పట్టుకుని ఉదయం నీడలో చూశాను. పడమటి ఎండలో రెండూ ఒకేలా కనిపించి మోసం చేస్తాయి.

ఆక్సైడ్లు మూడూ కలిపి రూ. 330, కాటా రూ. 350. ఖర్చు: రూ. 5,830.

స్టేజీ 7: వెల్ల (రోజు 69–80)

మొదటిపొర అతుకు హద్దు దాకా మాత్రమే వేశాను. ఆరాక అంచు వెంట ముదురు అంచుకట్టు తేలింది. కొత్తపూత నీటిని గటగటా తాగుతుంది, పాతది మెల్లగా తాగుతుంది, రంగు పొడి ఆ సరిహద్దులో పోగుపడింది. తడి కుంచెతో ఆ పట్టీని కడిగి, ఇలా మార్చాను:

1. సాయంత్రం నీడ పడ్డాక, అతుకునూ చుట్టూ రెండడుగులనూ నీళ్లతో తడిపాను. అతుకును రెండుసార్లు.
2. వెల్ల పలచన చేశాను, లీటరుకు మరో అర లీటరు నీళ్లు. నార కుంచెతో అడ్డంగా ఒక పొర, మర్నాడు నిలువుగా ఒక పొర.
3. అతుకు దాటి అడుగు మేర, సగం నీళ్లు కలిపిన వెల్ల. అక్కడ కుంచెను చెక్కగీతల వంపులోనే తిప్పాను.
4. మొత్తం నాలుగు పొరలు, పొరకు పొరకు ఒకరోజు. కుంచె ముంచిన ప్రతిసారీ అడుగునుంచి కలియబెట్టాలి, ఆక్సైడ్ అడుగున దిగిపోతుంది.

నాలుగో పొరకు అతుకులో రెండుచోట్ల మచ్చలు మిగిలాయి, అరచేయంత లేతవి. ముందు సరిచేద్దామనుకున్నాను. గోడ మొత్తం చూస్తే అలాంటివి పాతభాగంలో ఆరు ఉన్నాయి. వదిలేశాను.

కుంచె రూ. 90. మొత్తం ఖర్చు: రూ. 5,920.

80వ రోజు సాయంత్రం అయిదున్నరకు, ఎండ గోడ మీద నేరుగా పడే వేళకు మేస్త్రీ గారిని పిలిచాను. పది అడుగుల దూరంలో నిలబడి కాసేపు చూశారు. అతుకు ఎక్కడుందో చేత్తో చూపించమంటే కుడి పైమూల సరిగ్గా చూపించారు. ఆయన ఎడంచేత్తో రుద్దిన ఆ ఒక్క చదరపు అడుగు. గీతలు అక్కడ అడ్డం తిరిగి వెలుగును వేరేగా పడుతున్నాయి. మిగతా మూడు మూలలూ చూపించలేకపోయారు. దాన్ని మళ్లీ రుద్దాలా అని అడిగితే, "ఇప్పుడు ముట్టబాక. గట్టిపడిపోయుండాది" అన్నారు.

120వ రోజున ఇంకో బిళ్ల విరిచి పసుపు రాశాను. అంచున 5 మిల్లీమీటర్లు పసుపు. తలుపు మూల పగులు వెల్లను చీల్చుకుని మళ్లీ తెరుచుకుంది, పొద్దున మూడు కాగితాలు, మధ్యాహ్నం రెండు. అతుకు అంచున ఏడు అంగుళాల గీత ఏడు అంగుళాలే ఉంది. ఈ కొలతలు మళ్లీ అక్టోబరు వానలు పడ్డాక తీసుకుంటాను. అప్పుడు కింది వరసలో చౌడు పేలిందా లేదా అన్నది కూడా రాస్తాను.